ఫోన్ లాక్కుని బలవంతంగా వేలు పెట్టిస్తే: లాక్‌డౌన్ ఎప్పుడు నొక్కాలి, ఎంతవరకు కాపాడుతుంది

ప్రశ్న: అన్నా, మాది రాజాం దగ్గర పల్లె. డబ్బు బదిలీ, రీఛార్జి షాపు నడుపుతున్నాను. రాత్రి షాపు కట్టేసి బండి మీద ఒక్కడినే ఇంటికెళ్తాను. దారిలో ఎవరైనా ఆపి, ఫోన్ లాక్కుని నా వేలు బలవంతంగా పెట్టిస్తే ఖాతా ఖాళీ అయిపోతుందని భయం. ఫోన్లో లాక్‌డౌన్ అని ఒకటి ఉంటుందట, అది నొక్కితే వేలిముద్ర పనిచేయదట. నిజమేనా? నాది సామ్‌సంగ్, మా తమ్ముడిది ఐఫోన్.

సమాధానం:

నిజమే తమ్ముడూ. లాక్‌డౌన్ నొక్కిన క్షణం నుంచి వేలిముద్రా చెల్లదు, ముఖమూ చెల్లదు. పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ కొడితేనే ఫోన్ తెరుచుకుంటుంది. కాకపోతే నీలాంటి వాళ్ళకి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. దారిలో ఎవరైనా ఆపినప్పుడు నొక్కుదాంలే అనుకోవద్దు. షాపు షట్టర్ దించేటప్పుడే నొక్కేసి బండెక్కు. ఇంటి గుమ్మం దాటాక పిన్ కొట్టి తీసుకో. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చాలా ఏళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. ఫోన్ పోయి, దాంతోపాటు డబ్బూ పోయి, కళ్ళనీళ్ళతో షాపుకొచ్చిన వాళ్ళని చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక కేసు చెప్తాను. నీలాగే డబ్బు బదిలీ షాపు నడిపే ఒకాయన పాలకొండ వైపు నుంచి వచ్చాడు. రాత్రి ఇంటికి పోతుంటే ఇద్దరు బండి అడ్డం పెట్టి ఆపారు. ఒకడు చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు, ఇంకొకడు జేబులోంచి ఫోన్ తీసి పక్కనున్న పవర్ బటన్ మీద ఆయన బొటనవేలు ఆనించాడు. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో వేలిముద్ర సెన్సర్ ఆ బటన్లోనే ఉంటుంది కదా, మనిషి ఒప్పుకోనక్కర్లేదు, మణికట్టు తిప్పితే చాలు. ఫోన్ తెరుచుకుంది. వాళ్ళు పిన్ ఏంటని అడగను కూడా అడగలేదు, బండెక్కి వెళ్ళిపోయారు. ఆయన అనుకున్నది ఏమిటంటే, యూపీఐ పిన్ వాళ్ళకి తెలీదు కాబట్టి డబ్బుకి ఢోకా లేదని. తెల్లారేసరికి ఖాతాలో డబ్బు లేదు.

ఎలా పోయింది? గ్యాలరీలో ఆయన డెబిట్ కార్డు ఫొటో ఉంది, ఎప్పుడో అవసరమని తీసుకున్నది. యూపీఐ పిన్ మర్చిపోతే కొత్తది పెట్టుకోవడానికి కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కొచ్చే ఓటీపీ ఉంటే చాలు. అంకెలూ తేదీ ఫొటోలో ఉన్నాయి. ఓటీపీ అదే ఫోన్‌కి వచ్చింది. యాప్ తెరవడానికి అడిగే తాళం కూడా ఫోన్ తాళమే కాబట్టి, వేలు పెట్టించిన ఆ కొద్ది సేపట్లోనే అదీ తెరిచేసి ఉంచుకున్నారు. కొత్త పిన్ పెట్టి డబ్బు పంపేసుకున్నారు. ఈ రోజుల్లో ఆధార్ ఓటీపీతో కూడా యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు, కార్డు అక్కర్లేదు. 2025 అక్టోబర్ నుంచి చిన్న మొత్తాలకి పిన్ బదులు వేలిముద్రతోనే యూపీఐ చెల్లింపు చేసే వీలూ వచ్చింది. అంటే వేలు దక్కితే చాలు అన్న పరిస్థితి ముందుకంటే పెరిగింది. నువ్వు ఆ వేలిముద్ర చెల్లింపు ఆన్ చేసుకుని ఉంటే, షాపు ఖాతాకి మాత్రం తీసెయ్.

ఆ రాత్రి ఫోన్ లాక్‌డౌన్లో ఉండుంటే బొటనవేలు ఎన్నిసార్లు ఆనించినా తెర మీద పిన్ అడిగే గడులు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. అయితే బండి అడ్డం పెట్టినప్పుడు ఆయనకి అది నొక్కే వ్యవధి ఉందా? లేదు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకొకటి క్లచ్ మీద. ఆండ్రాయిడ్‌లో లాక్‌డౌన్ నొక్కాలంటే బటన్లు పట్టుకోవాలి, తెర చూడాలి, దాని మీద సరైన చోట తట్టాలి. చీకట్లో, గుండె దడదడలాడుతుంటే అది అయ్యే పని కాదు. పైగా అలాంటి సమయంలో జేబులో చెయ్యి పెడితే ఎదుటివాడు ఏం తీస్తున్నాడో అనుకుని కొట్టినా కొడతాడు. షట్టర్ దగ్గరే నొక్కేయమని చెప్పేది ఇందుకే.

సామ్‌సంగ్‌లో ఎలా పెట్టుకోవాలి

సామ్‌సంగ్‌లో ఈ మీట మొదట కనపడదు. Settings లో Lock screen (కొత్త ఫోన్లలో Lock screen and AOD) తెరిచి, Secure lock settings లోకి వెళ్ళు. పిన్ అడుగుతుంది. లోపల Show Lockdown option అని ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్. అక్కడే Lock network and security అని ఇంకొకటి కనపడితే అదీ ఆన్ చెయ్. తెర తాళం తీయకుండానే పైనుంచి కిందికి లాగి ఫ్లైట్ మోడ్ పెట్టి, ఫోన్ ఎక్కడుందో తెలీకుండా చేసే దొంగలకి అది అడ్డం పడుతుంది.

ఇప్పుడు పక్క బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పట్టుకో. ఇలా తట్టి వదిలేస్తే స్క్రీన్‌షాట్ పడుతుంది, పట్టుకునే ఉండాలి. పవర్ ఆఫ్, రీస్టార్ట్ పక్కన Lockdown mode వస్తుంది. దాన్ని తట్టగానే తెర ఆరిపోయి తాళం పడుతుంది. పక్క బటన్ ఒక్కటే పట్టుకుంటే సామ్‌సంగ్‌లో మామూలుగా వాయిస్ అసిస్టెంట్ వస్తుంది. Settings లో Advanced features, అందులో Side button తెరిచి, నొక్కి పట్టుకుంటే Power off menu రావాలని మార్చుకుంటే ఒక్క బటన్‌తో పని అయిపోతుంది. నేనైతే అలాగే పెట్టిస్తాను, రోజూ చేసే పని సులువుగా ఉంటేనే సాగుతుంది.

పెట్టాక తప్పకుండా పరీక్షించు. తెర వెలిగించి, నమోదైన వేళ్ళన్నీ ఒక్కొక్కటే ఆనించి చూడు. ముఖం పెట్టి చూడు. దేనికీ తెరుచుకోకూడదు. తెర మీద నోటిఫికేషన్లు కూడా కనపడకూడదు, ఎందుకంటే లాక్‌డౌన్ వాటినీ దాచేస్తుంది. ఇది నీకు చాలా పనికొచ్చే విషయం. మామూలుగా తాళం వేసిన ఫోన్ మీద కూడా బ్యాంకు ఓటీపీ మెసేజీ పైన కనపడిపోతుంటుంది, ఫోన్ తెరవకుండానే చదివేయొచ్చు. లాక్‌డౌన్లో ఆ దారి మూసుకుంటుంది.

ఇంకొకటి. చాలామంది హెల్మెట్‌లో బ్లూటూత్ పెట్టుకుని, అది దగ్గరుంటే ఫోన్ తాళం పడకుండా ఉండేలా పెట్టుకుంటారు. Extend Unlock అంటారు, ముందు Smart Lock అనేవాళ్ళు. దొంగ నీ పక్కనే నిలబడి ఉంటే ఆ హెల్మెట్ అతనికీ దగ్గరే కదా. లాక్‌డౌన్ దీన్నీ ఆపుతుంది.

ఒక్కసారి పిన్ కొడితే లాక్‌డౌన్ అయిపోయినట్టే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లాక్‌డౌన్ అనేది ఆన్ చేసి వదిలేసే సెట్టింగు కాదు. నువ్వు నొక్కినప్పటి నుంచి మళ్ళీ పిన్ కొట్టి తెరిచేదాకానే ఉంటుంది. షాపు దగ్గర నొక్కి, దారిలో పెట్రోలు బంకులో ఆగి పిన్ కొట్టి డబ్బు చెల్లించావనుకో, అక్కడితో లాక్‌డౌన్ పోయింది, వేలిముద్ర మళ్ళీ పనిచేస్తోంది. బంకు నుంచి బయల్దేరే ముందు మళ్ళీ నొక్కాలి. అందుకే పెట్రోలుకి, టీకి కాసిన్ని నోట్లు జేబులో ఉంచుకో, రాత్రిపూట దారిలో ఫోన్ తెరిచే పనే ఉండదు.

లాక్‌డౌన్లో ఉన్నా ఫోన్లు వస్తాయి, ఎవరు చేస్తున్నారో పేరూ కనపడుతుంది, ఎత్తి మాట్లాడొచ్చు. అలారం మోగుతుంది. 112కి చేయొచ్చు. ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నావని చేస్తే తెలీకుండా పోతుందన్న బెంగ అక్కర్లేదు. మాట్లాడినంత మాత్రాన లాక్‌డౌన్ పోదు.

మీట లేని ఫోన్లు

లాక్‌డౌన్ ఆండ్రాయిడ్ 9తో, అంటే 2018లో వచ్చింది. అయినా మన దగ్గర ఎక్కువగా నడిచే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి కంపెనీవాళ్ళు ఆ మీట ఇవ్వలేదు. షాపులో నీ దగ్గరకొచ్చేవాళ్ళు అడిగితే ఇలా చెప్పు: Settings పైనున్న వెతుకులాట గడిలో lockdown అని కొట్టి చూడండి, పవర్ మెనూ కూడా తెరిచి చూడండి, రెండుచోట్లా లేకపోతే ఫోన్ రీస్టార్ట్ చేసి, పిన్ కొట్టకుండా అలాగే జేబులో పెట్టుకోండి. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి పిన్ కొట్టేదాకా ఏ ఫోన్లోనూ వేలిముద్ర పనిచేయదు.

నిజానికి రీస్టార్ట్ లాక్‌డౌన్ కంటే గట్టిది. లాక్‌డౌన్లో తాళం పడుతుంది గానీ, లోపలి సమాచారాన్ని విప్పే తాళంచెవి ఫోన్ మెమరీలోనే ఉండిపోతుంది. రీస్టార్ట్ చేస్తే అదీ పోతుంది, పిన్ కొట్టేదాకా లోపల ఉన్నదంతా చిక్కుముడే. ప్రత్యేక పరికరాలతో ఫోన్ లోపలిది తోడేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. మన దారి దొంగలకి అంత పరికరం ఉండదు, కాబట్టి నీకు లాక్‌డౌన్ సరిపోతుంది. రీస్టార్ట్ చేసి వదిలేస్తే వాట్సాప్ మెసేజీలు రావు, ఫోన్ చేసేవాళ్ళ పేరు కనపడదు, వట్టి నంబరే వస్తుంది. రోజూ అలా ఉండటం కష్టం.

తప్పు వేలు ఐదుసార్లు పెడితే కూడా వేలిముద్ర ఆగిపోతుందని ఒక మాట తిరుగుతోంది. ఐఫోన్లో అది నిజం, పాస్‌కోడ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఐదు తప్పులకి ఆగేది 30 సెకన్లే, ఆ తర్వాత సెన్సర్ మళ్ళీ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఉన్నవాళ్ళు దాన్ని నమ్ముకోవద్దు.

మీ తమ్ముడి ఐఫోన్

ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చిన వాటిలో పక్క బటన్‌ని, వాల్యూమ్ బటన్లలో ఏదో ఒకదాన్ని కలిపి రెండు సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. స్విచాఫ్ చేయడానికి జరిపే పట్టీ తెర మీదకి వస్తుంది. అది వచ్చిందంటే చాలు, ఫేస్ ఐడీ, టచ్ ఐడీ ఆగిపోయినట్టే. ఇక పక్క బటన్ ఒకసారి నొక్కి తెర ఆర్పేయొచ్చు. ఐఫోన్ 7, అంతకుముందువైతే పక్క బటన్‌ని గబగబా ఐదుసార్లు నొక్కాలి. మళ్ళీ తెరవబోతే ఫేస్ ఐడీ కోసం పాస్‌కోడ్ కొట్టమని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, అది కనపడితే సరిగ్గా పడినట్టు.

ఈ పని ఐఫోన్లో తెర చూడకుండా, జేబులో చెయ్యి పెట్టి కూడా అవుతుంది, రెండు వైపులా నొక్కిపట్టడమే కాబట్టి. ఈ విషయంలో ఆండ్రాయిడ్ కంటే అదే నయం. ఒక్కటే జాగ్రత్త: మరీ ఎక్కువసేపు పట్టుకుంటే అత్యవసర కాల్‌కి లెక్కింపు మొదలై పెద్దగా మోగుతుంది. Settings లో Emergency SOS తెరిచి మీ తమ్ముడి ఫోన్లో ఏది ఆన్‌లో ఉందో చూసుకుని, ఇంట్లో కూర్చుని రెండు మూడుసార్లు అలవాటు చేసుకోమను. లెక్కింపు మొదలైతే పూర్తి కాకముందే వేళ్ళు వదిలేయాలని కూడా చెప్పు.

ఇక ముఖ్యమైన మాట. ఐఫోన్ Settings లో Lockdown Mode అని ఒకటి కనపడుతుంది. అది ఇది కాదు. 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన ఆ మోడ్ నిఘా సాఫ్ట్‌వేర్ల నుంచి కాపాడుకునేవాళ్ళ కోసం. దాన్ని ఆన్ చేస్తే మెసేజీల్లో చాలా జోడింపులు ఆగిపోతాయి, కొన్ని వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు, కానీ ఫేస్ ఐడీ మాత్రం మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది. పేరు చూసి దాన్ని ఆన్ చేసుకుని, కాపాడుకున్నామని ధైర్యంగా తిరిగేవాళ్ళు ఉన్నారు. మీ తమ్ముడు అలా చేసుకోకుండా చూడు.

సిమ్ సంగతి మర్చిపోవద్దు

ఫోన్ లాక్‌డౌన్లో ఉంది, తెరవలేకపోయారు. అప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? ట్రే లాగి సిమ్ తీసి తన ఫోన్లో వేసుకుంటాడు. ఇక నీ ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. నీ కార్డు వివరాలు ఇంకోచోట దొరికితే, లేదా పర్సు కూడా పట్టుకుపోతే, పైన చెప్పిన కథ మళ్ళీ జరగొచ్చు. లాక్‌డౌన్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు, అది సిమ్‌ని కాపాడదు.

దీనికి మందు సిమ్ పిన్. Settings లో SIM card lock అని వెతుకు, ఐఫోన్లో SIM PIN అని ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు సిమ్‌తో వచ్చిన మొదటి పిన్ అడుగుతుంది. అది ఊహించి కొట్టొద్దు, నీ నెట్‌వర్క్ వాళ్ళని అడిగి తెలుసుకుని కొట్టు. మూడుసార్లు తప్పితే సిమ్ పీయూకే కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. ఆన్ అయ్యాక వెంటనే నీ సొంత పిన్‌గా మార్చుకో. ఆ తర్వాత సిమ్ ఏ ఫోన్లో వేసినా ముందు ఆ పిన్ అడుగుతుంది. ఇందులో ఒక ఇబ్బంది ఉంది: దొంగ ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే సిమ్ నెట్‌వర్క్ పట్టదు కాబట్టి ఫోన్ ఎక్కడుందో వెతకడం కష్టమవుతుంది. షాపు డబ్బు తిరిగే నంబరు విషయంలో ఫోన్ దొరకడం కంటే ఓటీపీ ఆగడమే ముఖ్యమని నా అభిప్రాయం.

పిన్ చెప్పమని కొడితే

చెప్పెయ్ తమ్ముడూ. లాక్‌డౌన్ ఆపేది నిన్ను అడక్కుండా నీ వేలు వాడుకోవడాన్ని మాత్రమే. కత్తి చూపించి పిన్ అడిగేవాడిని ఏ సెట్టింగూ ఆపదు, అక్కడ పట్టుదలకి పోవద్దు. నీ మీద ఆధారపడిన ఇల్లు ఉంది. ఆ పరిస్థితి కోసం వేరే ఏర్పాటు చేసుకో: దారిలో తీసుకెళ్ళే ఫోన్లో ఉన్న యూపీఐకి తక్కువ డబ్బుండే ఖాతా ఒక్కటే కలుపు. షాపు పెద్ద ఖాతా షాపులోనే ఉండే ఫోన్లో, వేరే సిమ్ మీద ఉంచు. కార్డు, ఆధార్, పాసు పుస్తకం ఫొటోలు గ్యాలరీలోంచి తీసెయ్, తీసేశాక Trash లో కూడా తుడిచెయ్, అక్కడ కొన్నాళ్ళు ఉండిపోతాయి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపి ఉంటే అక్కడా వెతుకు.

స్క్రీన్ పిన్, యూపీఐ పిన్ రెండూ ఒకటే పెట్టొద్దు. ఆరు అంకెలు పెట్టు, పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. గీతల తాళం ఉంటే మార్చెయ్, తెర మీద వేలి జిడ్డు చూసి గీత పట్టేయొచ్చు. లాక్‌డౌన్ చేశాక ఫోన్‌కి మిగిలేది పిన్ ఒక్కటే, అది 1234 అయితే నొక్కినా ఉపయోగం లేదు.

పోలీసుల గురించి నువ్వు అడగలేదు గానీ, ఇది చదివే మిగతావాళ్ళు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. నిందితుడిని తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెప్తుంది. వేలిముద్రలు ఇవ్వడం ఆ సాక్ష్యం కిందకి రాదని 1961లో కాఠి కాలు ఓఘడ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఫోన్ తెరవడానికి వేలు పెట్టించడం, పాస్‌వర్డ్ చెప్పించడం మీద ఆ తర్వాత కోర్టులు వేర్వేరుగా చూశాయి. అది లాయరుతో మాట్లాడాల్సిన విషయం. సోదా జరుగుతున్నప్పుడు ఫోన్ మీద బటన్లు నొక్కుతూ కూర్చుంటే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టవుతుంది, నేను ఇక్కడ రాసినది దొంగల కోసమే.

ఆఖరిగా, ఈ రాత్రి షట్టర్ దించే ముందు `*#06#` కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబర్లు రెండూ షాపు లెడ్జర్లో రాసి పెట్టు. android.com/lock అనే పేజీలో ఫోన్ నంబరు ఒక్కటి కొట్టి వేరే ఫోన్ నుంచి తాళం వేసే వీలుంది, దానికి ముందే Settings లో Remote Lock ఆన్ చేసి ఉంచాలి. ఏదైనా జరిగితే మొదట నెట్‌వర్క్ వాళ్ళకి చేసి సిమ్ ఆపించు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి ఖాతా నంబరు చెప్పు, ఆ తర్వాత స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో ceir.gov.in లో ఐఎంఈఐ బ్లాక్ పెట్టు. ఈ వరుస మార్చొద్దు, ఫోన్ వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోపు ఓటీపీలు పోతూనే ఉంటాయి. నీ సామ్‌సంగ్‌లో Show Lockdown option కనపడకపోతే మోడల్ పేరు కింద రాయి, ఎక్కడుంటుందో చెప్తాను.